ఫలితాల రోజు పొజిషన్ ఉంచుకోవాలంటే: స్ట్రాంగిలా, ఐరన్ కాండరా?

2024 జూన్ 3న నిఫ్టీ 23,264 దగ్గర ముగిసింది. ఎగ్జిట్ పోల్స్ ఊపులో ఆ ఒక్కరోజే 3 శాతం పైగా పెరిగింది. మర్నాడే లోక్‌సభ ఎన్నికల ఫలితాలు. ఆ సాయంత్రం ప్రీమియం అమ్మి కూర్చోవాలనుకునేవారికి రెండు దారులున్నాయనుకుందాం. ఒకటి స్ట్రాంగిల్: జూన్ 27 ఎక్స్‌పైరీ 22,000 పుట్, 24,500 కాల్ ఒక్కో లాటు అమ్మడం. రెండోది ఐరన్ కాండర్: అవే రెండేసి లాట్లు అమ్మి, రక్షణగా 21,500 పుట్, 25,000 కాల్ రెండేసి లాట్లు కొనడం. అప్పటి లాటు 25.

అమ్మేటప్పుడు అన్ని స్ట్రైకులకూ వోలటిలిటీ 20 శాతమే అనుకుని, వడ్డీని పక్కన పెట్టి, బ్లాక్-షోల్స్ సూత్రంతో ఒక రోజు తర్వాతి విలువ లెక్కిస్తే వచ్చే లాభనష్టాలు ఇవి (రూపాయల్లో, సుమారుగా):

| నిఫ్టీ మార్పు | వోలటిలిటీ | స్ట్రాంగిల్ | కాండర్ |
|---|---|---|---|
| 0 | 14% | +3,400 | +3,500 |
| −3% | 20% | −1,600 | −1,600 |
| −6% | 20% | −8,300 | −6,600 |
| −6% | 28% | −13,500 | −7,700 |
| −12% | 35% | −39,500 | −14,300 |

మొదటి రెండు వరుసలే చూసినవారికి రెండూ ఒకటే. పైగా కాండర్‌లో లావాదేవీలు ఎక్కువ, బ్రోకరేజీ ఎక్కువ, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడాలో పోయేదీ ఎక్కువ. స్ట్రాంగిలే మేలనిపిస్తుంది.

అసలు తేడా మూడు, నాలుగు వరుసల మధ్య ఉంది. నిఫ్టీ పడింది అంతే, వోలటిలిటీ మాత్రం 8 పాయింట్లు పెరిగింది. దానికే స్ట్రాంగిల్ మరో 5,200 పోగొట్టుకుంటే కాండర్ 1,100తో సరిపెట్టుకుంది. కొన్న ఆప్షన్ల విలువ కూడా పెరిగి, అమ్మినవాటి నష్టాన్ని చాలావరకు పూడుస్తుంది. ధరను మాత్రమే కదిపి చూసేవారికి ఇది కనబడదు.

చివరి వరుస అతిశయోక్తేమీ కాదు. 2004 మే 17న నిఫ్టీ 12 శాతం పైగా పడింది, ట్రేడింగ్ రెండుసార్లు ఆగింది. 2009 మే 18న 17 శాతం పైగా ఎగసింది కాబట్టి పట్టికలో నిఫ్టీ పెరిగే వరుసలూ ఉండాలి. ఇక్కడ చోటు కోసం వదిలేశాను.

జూన్ 4న నిఫ్టీ 5.93 శాతం పడి ముగిసింది. వోలటిలిటీని కొలిచే ఇండియా విక్స్ దాదాపు 21 నుంచి 27కు చేరింది. అంటే నాలుగో వరుసకు దగ్గరగా. కాండర్‌కే నా ఓటు.

ఒక లోపం మాత్రం ఉంది. అన్ని స్ట్రైకుల వోలటిలిటీనీ సమానంగా పెంచాను. మార్కెట్ పడేటప్పుడు దిగువ పుట్‌లది ఎక్కువగా పెరుగుతుంది, కాల్స్‌ది అంత పెరగదు. పుట్ వైపు మరో మూడు నాలుగు పాయింట్లు కలిపి ఇంకోసారి లెక్కిస్తే స్ట్రాంగిల్ నష్టం ఇంకా పెరుగుతుంది.