బండి కొనాలా, వెల్డింగ్ షాపు పెట్టాలా? గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు ఏది మేలు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనిషి దగ్గర నాలుగైదు లక్షలు ఉన్నాయని తెలిస్తే చాలు, ఊళ్లో అందరూ ఒకటే మాట అంటారు: "పికప్ బండి తీసుకో, ఫైనాన్స్ దొరుకుతుంది, నీకు డ్రైవింగ్ వచ్చు కదా." ఈ సలహా చాలామందికి నష్టం చేస్తోందని నా అభిప్రాయం. బండి మంచిదా చెడ్డదా అని నేను వాదించను. పని బాగా దొరికిన నెలలో ఏ పనైనా బాగానే కనిపిస్తుంది. పని దొరకని నెలలో ఏది మన జేబులోంచి ఎంత లాగుతుందో చూడాలి. చేతిలో ఉన్నది ఐదు లక్షలే అయితే అసలు లెక్క అక్కడే ఉంది.

ఒక మనిషిని ఊహించుకుందాం. నల్లగొండ జిల్లా హాలియా దగ్గరి పల్లె. సౌదీలో ఆర్క్ వెల్డర్‌గా చేశాడు, మధ్యలో కంపెనీ పికప్ కూడా నడిపాడు. ఇంటి అప్పు తీర్చాక ఐదు లక్షలు మిగిలాయి. "తీర్చాక" అని కావాలనే రాశాను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకా ఉంటే, ఏ వ్యాపారమైనా దాని తర్వాతే. ఏడాదికి ఇరవై నాలుగు శాతం వడ్డీ కడుతూ కొత్త పని మొదలుపెడితే వచ్చేదంతా దానికే పోతుంది.

ముందు బండి లెక్క చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ షోరూంలో, మీ స్టాండులో అడిగి మార్చుకోండి. పికప్ రోడ్డెక్కేసరికి పదిన్నర లక్షలు అయిందనుకుందాం. మనం రెండున్నర లక్షలు కట్టి, మిగతా ఎనిమిది లక్షలకు 11.5 శాతం వడ్డీతో ఐదేళ్ల లోను తీసుకుంటే కిస్తీ దాదాపు 17,600. ఇన్సూరెన్స్, ట్యాక్స్ కలిపి నెలకు మూడున్నర వేలు. అంటే బండి ఇంటి ముందు ఊరికే నిలబడినా నెలకు 21,100 పోతుంది.

రానూపోనూ వంద కిలోమీటర్ల ట్రిప్పుకు 2,500 కిరాయి వస్తుందనుకుందాం. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇస్తే డీజిల్‌కు 810, టైర్లు, సర్వీసింగ్ కోసం 200 పక్కన పెట్టాలి. ట్రిప్పుకు మిగిలేది 1,490. నెలకు పదిహేను ట్రిప్పులు కొడితే కిస్తీ, ఇన్సూరెన్స్ మాత్రం వెళ్తాయి. ఇరవై కొడితే ఇంటికి 8,700. ఇరవై ఆరు కొడితే పదిహేడు వేల ఆరు వందలు. అదే డ్రైవర్ ఎవరి దగ్గరైనా జీతానికి చేరితే ఇంచుమించు అంతే వస్తుంది, పైగా బండి టెన్షన్ ఉండదు. ఎనిమిది ట్రిప్పులే దొరికిన నెలలో తొమ్మిది వేలు మన జేబులోంచే కట్టాలి.

ట్రిప్పులు ఎందుకు తగ్గుతాయి? మన దగ్గర లోడు పంట వెంట నడుస్తుంది. వరి కోతలప్పుడు, నకిరేకల్ నిమ్మ, నల్లగొండ బత్తాయి మార్కెట్‌కు వచ్చే రోజుల్లో స్టాండులో బండి నిలబడదు. నడుమ నెలల్లో పది బండ్లు ఒక్క గిరాకీ కోసం చూస్తుంటాయి, ఒకరు రెండువేల ఐదు వందలు అంటే పక్కవాడు పద్దెనిమిది వందలకే ఒప్పుకుంటాడు. అందుకని బండి కొనేముందు అడగాల్సింది ఒకటే: నెలకు పదిహేను ట్రిప్పులైనా తప్పకుండా ఇచ్చే మిల్లు, డెయిరీ, సిమెంటు షాపు మన చేతిలో ఉందా? ఉంటే బండి తీసుకోవచ్చు, అదీ పాతది, లోను లేకుండా. లేకపోతే ఆగడమే మేలు.

లైసెన్స్ సంగతి కూడా చూసుకోండి. అక్కడి లైసెన్స్ ఇక్కడ పనికిరాదు. ఇక్కడిది గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ పాస్ అవ్వాలి. ఒక మంచి సంగతి ఏమిటంటే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని కారు లైసెన్స్‌తోనే నడపవచ్చు. పికప్, చిన్న ఆటో ట్రక్కు అన్నీ ఇందులోకే వస్తాయి.

ఇప్పుడు వెల్డింగ్ షాపు. మొదట ఒక ఇన్వర్టర్ ఆర్క్ మెషిన్, కటింగ్ మెషిన్, రెండు గ్రైండర్లు, డ్రిల్లు, గ్యాస్ కటింగ్ సెట్టు, బల్ల, వైస్ కలిపి 65 వేలు అనుకోండి. షాపు అడ్వాన్సు 30 వేలు, త్రీఫేజ్ కనెక్షన్, వైరింగ్ 25 వేలు, చేతిలో ఉంచుకునే పైపు సరుకు 75 వేలు. మొత్తం 1,95,000. మిగతా మూడు లక్షలు బ్యాంకులో ఉంటాయి. మిగ్ మెషిన్ ఈ లెక్కలో లేదు. గల్ఫ్ ఫ్యాక్టరీలో దానితో చేతులు అలవాటై ఉంటాయి కాబట్టి మొదట అదే కొనాలనిపిస్తుంది. కానీ మన షాపులో పని రోడ్డు పక్కన రేకుల కింద జరుగుతుంది. గాలి వీస్తే మిగ్ వెల్డును కాపాడే గ్యాస్ కొట్టుకుపోయి వెల్డు లోపల బుడగలు పడతాయి. తుప్పు, రంగు ఉన్న పాత ఇనుముకు ఆర్కే నయం. ఏడాది నడిచాక మిగ్ గురించి ఆలోచించవచ్చు.

పని లేని నెలలో షాపుకు కిరాయి 5,000, కరెంటు 3,000, మొత్తం ఎనిమిది వేలు. బండికి ఇరవై ఒక్క వేలు. ఒక్క గేటు, ఇరవై రిపేర్లే వచ్చిన నెలలోనూ, హెల్పర్‌ను గేటు రోజులకే పిలిస్తే, ఇంటికి పెద్దగా మిగలకపోయినా అప్పు మాత్రం పెరగదు. ఈ తేడా కోసమే నేను షాపు వైపు మొగ్గుతున్నాను.

అయితే షాపులోనూ ఒక గుంట ఉంది, దాని పేరు గేట్లు. పది అడుగుల గేటు 120 కిలోలు తూగింది, కిలోకు 115 చొప్పున 13,800కు ఒప్పుకున్నామనుకోండి. వృథాతో కలిపి ఇనుము 8,600, చక్రాలు, కబ్జాలు, రాడ్లు, రంగు 1,200, తోలకం 500. మిగిలేది 3,500, అందులోంచి హెల్పర్ కైకిలి ఇవ్వాలి. పక్క షాపువాడు అడుగు లెక్కన చౌకగా చెప్తాడు, ఎలాగంటే పైపు మందం తగ్గించి. రెండంగుళాల చదరపు పైపు ఇరవై అడుగుల ముక్క, రెండు మిల్లీమీటర్ల మందమైతే 18 కిలోలు తూగుతుంది. 1.6 మిల్లీమీటర్లదైతే పద్నాలుగున్నర కిలోలే. ముక్కకు మూడున్నర కిలోల ఇనుము అక్కడ మిగిలిపోతుంది. అందుకే ధర ఎప్పుడూ కిలోల్లోనే చెప్పండి, గిరాకీ కళ్ల ముందే తూకం వేయించండి, కాగితం మీద మందం రాయండి. ఇనుము ఖర్చుకు సరిపడా అడ్వాన్సు తీసుకోకుండా పైపు కోయకండి. ఈ పనిలో షాపులు మూతపడేది పని రాక కాదు, ఉద్దెర పెరిగి.

గట్టిగా మిగిలేది రిపేరులో. హాలియా, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు, ట్రాక్టర్లు ఎక్కువ. నాట్లకు ముందు కేజ్‌వీల్స్, రోటవేటర్లు, గొర్రులు, ట్రాలీ డోర్లు వరుసగా వస్తాయి. ఇందులో సరుకు తక్కువ, చేతి పని ఎక్కువ. సగటున రిపేరుకు 400 చొప్పున నెలకు ఎనభై వస్తే 32,000, రాడ్లు, డిస్కులు, గ్యాస్‌కు ఐదు వేలు తీసేయండి. ఆరు గేట్లతో ఇంకో 21,000. కిరాయి, కరెంటు 8,000, హెల్పర్ జీతం 15,000 పోగా పాతిక వేలు ఇంటికి. బండి మీద నెలకు ఇరవై ఆరు ట్రిప్పులు కొట్టినా అంత రాదు. షాపు తెరిచిన కొత్తలో ఇది రాదు, రెండు సీజన్లు పడుతుంది. బ్యాంకులో ఉంచిన మూడు లక్షలు అందుకే.

ఈ రిపేర్లలోనే గల్ఫ్‌లో నేర్చుకున్న పని విలువ తెలుస్తుంది. గొర్రు కాళ్లు, రోటవేటర్ భాగాలు మామూలు ఇనుము కాదు, కార్బన్ ఎక్కువ ఉన్న ఉక్కు. మామూలు 6013 రాడ్‌తో చల్లటి ఉక్కు మీద అతికిస్తే వెల్డు నిలుస్తుంది, దాని పక్కన సన్నని గీతలా పగిలి పొలంలో విరుగుతుంది. రైతు తిరిగొచ్చినప్పుడు విరిగిన చోటు చూడండి: వెల్డు పక్కనే విరిగితే కారణం చాలావరకు ముందు వేడి చాలకపోవడమే. ముందు ఆ భాగాన్ని గ్యాస్‌తో వేడి చేసి, పొడిగా ఉంచిన 7018 రాడ్ వాడి, అయ్యాక నీళ్లు పోయకుండా బూడిదలోనో పొడి ఇసుకలోనో నెమ్మదిగా చల్లారనివ్వాలి. 7018 రాడ్ తేమ పట్టిందంటే, సుమారు 300 డిగ్రీల్లో మళ్లీ ఎండబెట్టాకే వాడాలి. ఈ పద్ధతి మన పల్లె షాపుల్లో తక్కువమంది పాటిస్తారు. ఒక సీజన్ విరగకుండా ఆగిన గొర్రు పది మంది రైతులను తెస్తుంది.

షాపు తెరవకముందే ఒక పని చేయాలి. కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ కొత్త యూనిట్లకే, ఇప్పటికే నడుస్తున్న షాపుకు రాదు. ముందు షట్టర్ ఎత్తేసి తర్వాత దరఖాస్తు పెడితే తిప్పి పంపుతారు. గ్రామీణ ప్రాంతంలో పెడితే బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మహిళలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, జనరల్ వారికి 25 శాతం. పట్టణంలో అయితే 25, 15. కాబట్టి మున్సిపాలిటీ హద్దు దాటి పంచాయతీ రోడ్డు మీద పెట్టడం వల్ల కిరాయితో పాటు సబ్సిడీలోనూ లాభం ఉంటుంది. బీసీ వ్యక్తి మూడు లక్షల ప్రాజెక్టు పెడితే సొంత వాటా ఐదు శాతం, పదిహేను వేలు. సబ్సిడీ 1,05,000. ఆ డబ్బు చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, షాపు నడుస్తోందని చూశాక లోనులో సర్దుతారు. ఈ పథకాన్ని 2025-26 వరకు ఆమోదించారు, అందుకని దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఇప్పుడేం నడుస్తోందో అడగండి.

అందరికీ షాపే మేలని అనను. మీది ఆర్గాన్ వెల్డింగ్ అయి, స్టీల్ పైపు మీద చెయ్యి తిరిగి ఉంటే, మండల కేంద్రంలో ఆ పనికి గిరాకీ దొరకదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఫార్మా కంపెనీలు, కొత్తూరు, చౌటుప్పల్ ఫ్యాక్టరీల పైపు పనిలో మీకు మంచి రేటు ఉంటుంది. గల్ఫ్‌లో తీసుకున్న 6జీ సర్టిఫికెట్ ఇక్కడ నేరుగా చెల్లదు, ఆ పరీక్ష కంపెనీ కంపెనీకి వేరు, ఆరు నెలలు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే గడువు కూడా పోతుంది. సర్టిఫికెట్ చూపించి కూర్చోకుండా టెస్ట్ ముక్క వేస్తానని చెప్పండి. కాంట్రాక్టర్ రోజు కూలి ఎంత అన్నదానికంటే, పీఎఫ్ కడుతున్నాడా, పైసలు ఎన్ని రోజులకు ఇస్తున్నాడు అని ముందుగా చేరినవాళ్లను అడగండి.

హోటల్ పనిలో ఉండి వచ్చినవాళ్లు ఐదు లక్షలతో సొంత హోటల్ మొదలుపెట్టవద్దు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా పెద్ద హోటళ్లు వరుసగా ఉన్నాయి, అడ్వాన్సులకే మీ పొదుపు అయిపోతుంది. ఆ హోటళ్లలోనే వంటగదిలో జీతానికి చేరి, సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు చిన్న క్యాటరింగ్ ఆర్డర్లు పట్టుకోవడం నయం. గిన్నెలు కిరాయికి దొరుకుతాయి, సగం డబ్బు అడ్వాన్సుగా వస్తుంది, వంట మిగిలిపోయి పారబోసే నష్టం ఉండదు.