ఏడు ఫొటోలు, ఏడు క్యాప్షన్లు, ఒక్కటీ కనపడలేదు

నాలుగేళ్లుగా టెలిగ్రామ్‌లోనే ఫొటోలు పంపుతున్నాను. పంపే ముందు ఫొటోను కత్తిరించడం, దాని మీద గీయడం, రాయడం అన్నీ అందులోనే కానిచ్చేస్తాను. వేరే ఎడిటింగ్ యాప్ అక్కర్లేకుండా పని జరిగిపోతోంది. అయితే ఎక్కువ ఫొటోలను ఒకే ఆల్బమ్‌గా పంపేటప్పుడు క్యాప్షన్ ఎలా కనపడుతుందో తెలుసుకోవడానికి నాకు ఒక చెక్క పలక ఖర్చయింది.

మా గోడ అలమరకు కొత్త అరలు వేయించాలి. పక్క గోడ కాస్త వాలుగా ఉండటంతో ఒక్కో అర వెడల్పు ఒక్కోలా ఉంది. ఏడు ఫొటోలు తీసి, ఒక్కోదాన్ని పెద్దగా తెరిచి, కింద ఓపిగ్గా రాశాను: పై అర 71 సెంటీమీటర్లు, దాని కిందది 70, అట్టడుగుది 68. అన్నీ కలిపి వడ్రంగి మేస్త్రికి పంపాను. ఆయన పలకలు తెచ్చేసరికి అన్నీ 71 ఉన్నాయి. మొదటి ఫొటోలో టేపు మీద కనపడిన అంకె అదే మరి.

"కొలతలన్నీ రాశాను కదండీ" అన్నాను.

"ఫొటోలే వచ్చాయండీ, రాత ఏదీ లేదు" అని ఫోన్ చూపించాడు. నిజమే, చాట్‌లో ఏడు ఫొటోలు తప్ప ఒక్క అక్షరం లేదు. ఒక ఫొటో మీద నొక్కితే అది పెద్దదై, కింద నేను రాసిన వాక్యం బయటపడింది.

సంగతి ఏమిటంటే, ఆల్బమ్‌లో ఒక్క ఫొటోకే క్యాప్షన్ ఉంటే దాన్ని మొత్తం ఆల్బమ్ కింద చూపిస్తుంది. రెండు ఫొటోలకు రాసినా సరే, చాట్‌లో ఏదీ కనపడదు. ఏ ఫొటోను తెరిస్తే దాని రాత అక్కడే వస్తుంది. ప్రయాణం ఫొటోలకు ఇది బాగానే ఉంటుంది, తీరిగ్గా ఒక్కోటి తెరిచి చూస్తారు కాబట్టి. పని మధ్యలో ఫోన్ చూసేవాళ్లు అలా తెరవరు. తప్పు నాదే, పంపాక నా చాట్‌నే ఒకసారి చూసుకుని ఉంటే తెలిసేది. 48 గంటల లోపైతే క్యాప్షన్ దిద్దుకోవచ్చు కూడా.

ఇప్పుడు నా పద్ధతి వేరు. ప్రతి ఫొటో మీద 1, 2, 3 అని అంకె రాస్తాను, కొలత కూడా అక్కడే. మొత్తం వివరం మాత్రం మొదటి ఫొటో క్యాప్షన్‌లోనే, అంకెకో వరుస చొప్పున. మిగతా ఫొటోల క్యాప్షన్ ఖాళీ. మేస్త్రి అందులోంచి ఒక ఫొటోను తన మనిషికి ఫార్వర్డ్ చేసినా, ఫొటో మీది కొలత దానితోపాటే వెళ్తుంది. ఫొటోలను ఎంచుకున్న క్రమంలోనే ఆల్బమ్ వస్తుంది, అందుకే 1 నుంచి వరసగా నొక్కాలి. పదికి మించితే రెండో ఆల్బమ్ అయిపోతుంది.

రాసే ముందు క్రాప్ చేయాలి. ముందు రాసి తర్వాత కత్తిరిస్తే అంచున ఉన్న అంకె ఎగిరిపోతుంది. క్రాప్‌తో ఇంకో లాభం ఉంది. మామూలు నాణ్యతలో పంపితే ఫొటో పొడవైన వైపు 1280 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. నా ఫోన్ ఫొటో వెడల్పు 4000. అందులో టేపు నాలుగో వంతే ఉంటే, అవతలివాళ్లకు దాని వాటా 320 పిక్సెళ్లు. సన్న గీతలు అలుక్కుపోతాయి. టేపు ఉన్న భాగాన్నే కత్తిరిస్తే 1000 పిక్సెళ్లూ అలాగే వెళ్తాయి. అసలు ఫొటో గ్యాలరీలో చెక్కుచెదరదు, కాబట్టి కత్తిరించడానికి భయం అక్కర్లేదు.

అంకెను ఫొటో మధ్యకు దగ్గరగా పెట్టడం మేలు. ఆల్బమ్‌లో నిలువు, అడ్డం ఫొటోలు కలిస్తే గళ్లలో ఇమడటానికి అంచులు కొంచెం కనపడకుండా పోతాయి. అన్నిటినీ ఒకే నిష్పత్తిలో క్రాప్ చేస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. అక్షరాల వెనక నిండు రంగు పట్టీ పెడితే చెక్క రంగు మీద కూడా చదవగలరు. గీతకు ఎరుపు కంటే పసుపు బాగా తేలుతుందని నా అనుభవం. చిన్న మేకు చుట్టూ సున్నా చుట్టాలంటే రెండు వేళ్లతో జూమ్ చేసి గీస్తాను, లేకపోతే వేలికి అందదు.

ఒక్క జాగ్రత్త. ఫొటోలో ఫోన్ నంబరో చిరునామానో పడితే మార్కర్‌తో కొట్టేయకండి. మార్కర్ రంగు కొంత పారదర్శకంగా ఉంటుంది, ఫొటో వెలుతురు పెంచితే కింది అంకెలు తేలుతాయి. అలాంటిదాన్ని నేను క్రాప్‌లోనే తీసేస్తాను. తీయడానికి వీల్లేని చోట ఉంటే ఫొటో మళ్లీ తీస్తాను.

మొన్న తలుపు గడియల కోసం ఆరు ఫొటోలు ఇలాగే పంపాను. మేస్త్రి నుంచి వచ్చిన జవాబు: "4వ దాంట్లో గడియ ఎడమకా కుడికా?"