‘ఒంటిగంట దాకా మౌనం, ఆ తర్వాత మనం’: చాలాకాలంగా వాడుతున్న సభ్యుడి సమీక్ష

విశాఖలో నేను పనిచేసుకునే కో-వర్కింగ్ స్థలంలో వైఫై, ఏసీ ఎలా ఉంటాయో ఇప్పటికే చాలామంది రాశారు. నాకు నచ్చింది గుమ్మం దగ్గరి వాక్యం: ‘ఒంటిగంట దాకా మౌనం, ఆ తర్వాత మనం.’ నేను చేరింది దాన్ని చూసే. అందులో అద్దె ఊసు లేదు. ఏకాగ్రత, సాంగత్యం రెండూ ఇస్తామని ఎవరైనా రాయగలరు. ఒకే హాలులో ఒకే వేళ ఆ రెండూ ఇమడవు. ఈ వాక్యం వాటికి వేళలు పంచింది.

నాది తెలుగు పుస్తకాలకు పేజీలు కూర్చే పని. ఒకరోజు ఇన్‌డిజైన్‌లో ఒత్తులన్నీ అక్షరాల నుంచి విడిపోయి కనిపించాయి. భోజనాల బల్ల దగ్గర ఆ మాట అంటే, పోస్టర్లు చేసే ఒకాయన వచ్చి పేరా సెట్టింగుల్లో World-Ready Paragraph Composer ఎంచారు. ఒత్తులు కుదురుకున్నాయి. పొద్దున అంతా నిశ్శబ్దంగా పనిచేసుకున్నాం కాబట్టే ఆయనకు నా తెర ముందు కూర్చునే తీరిక దొరికింది.

వేసవిలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయని యాజమాన్యం ఆ వాక్యం తీసేసి, బోర్డు మీద రోజు అద్దె రాయించింది. కుర్చీలు నిండాయి. కానీ కొన్ని గంటల కోసం వచ్చినవాళ్లకు పొద్దుటి మౌనం సంగతి తెలియదు. స్పీకర్ పెట్టి ఫోన్లు మాట్లాడేవారు. ఒకాయనను మెల్లగా మాట్లాడమంటే, “బోర్డు మీద అలా లేదు కదండీ” అన్నారు. ఆయన అన్నదీ నిజమే. మధ్యాహ్నం బల్ల దగ్గర రోజూ కొత్త ముఖాలే కావడంతో పలకరింపులూ పోయాయి. అద్దె ముందుకొచ్చేసరికి మౌనమూ మనమూ రెండూ చెడ్డాయి. పాత సభ్యులం కలిసి అడిగితే వాక్యం మళ్లీ గుమ్మానికి వచ్చింది, ధరల కాగితం లోపలి బల్ల మీదికి వెళ్లింది. కొన్ని వారాల్లో పొద్దుటి పూట కుదుటపడింది.

అయితే పొద్దున కాల్స్ ఉన్నవాళ్ల సంగతి ఆ వాక్యం చెప్పదు. ఫోను గదులు రెండే. నా పక్క కుర్చీ అమ్మాయికి సిడ్నీ క్లయింట్లు. వాళ్ల మధ్యాహ్నం మూడు అంటే, అక్కడి కాలాన్ని బట్టి మనకు ఉదయం తొమ్మిదిన్నర లేదా పదిన్నర. గది దొరకకపోతే ఆమె మెట్ల మీద నిలబడి మాట్లాడుతుంది. న్యూయార్క్‌తో పనిచేసేవారికి ఈ చిక్కు లేదు, అక్కడి ఉదయం తొమ్మిది మనకు సాయంత్రం ఆరున్నర లేదా ఏడున్నర.

నా ప్రచురణకర్తలు విజయవాడ, హైదరాబాద్‌లలో ఉంటారు, సందేశాలతోనే పని జరుగుతుంది. ఇల్లు పెదవాల్తేరులో, నడిచి వెళ్లే దూరం. అందుకే నాకు సరిపోయింది. మీకు పొద్దున కాల్స్ ఉంటే మాత్రం, డబ్బు కట్టేముందు ఒకరోజు పదకొండింటికి వెళ్లి ఫోను గదులు ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోండి.