ఫేస్‌ఫ్యూజన్‌తో ఆడ, మగ ముఖాల మార్పిడి: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

నాటక బృందాలకు పోస్టర్లు చేసి పెట్టడం నా పని. ముఖాలు మార్చే ఫేస్‌ఫ్యూజన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలాకాలంగా నా కంప్యూటర్‌లో ఉంది. ఒక మగవాడి ముఖం మరో మగవాడికి పెట్టడం దీనికి నల్లేరు మీద బండి నడక. ఆడ, మగ ముఖాలను అటుఇటు మార్చమంటేనే దాని బలమెంతో, బలహీనత ఎక్కడో తెలుస్తుంది. ఈ సమీక్ష ఆ ఒక్క పని గురించే.

దీన్ని తెరవడానికి ఒక వాక్యం చాలు:

```
python facefusion.py run
```

ఇందులో నేను ఎక్కువగా వాడే మోడల్ `inswapper_128`. ఇది ముఖాన్ని కత్తిరించి అతికించదు. ముఖం ఇచ్చే ఫోటో నుంచి ఆ మనిషి పోలికలను మాత్రం అంకెల రూపంలో తీసుకుని, రెండో ఫోటోలో ముఖాన్ని కొత్తగా గీస్తుంది. ఆ గీసే చదరం 128 పిక్సెళ్లే. కనుబొమల నుంచి గడ్డం దాకా ఉన్న లోపలి భాగం మారుతుంది. నుదుటి పైభాగం, జుట్టు మొదలు, దవడ అంచు, మెడ రెండో మనిషివే ఉండిపోతాయి. తంటా అంతా ఇక్కడే వస్తుంది, ఎందుకంటే ఆడ ముఖానికీ మగ ముఖానికీ ఉన్న తేడాలో పెద్ద వాటా ఆ అంచుల్లోనే ఉంది.

ఒక పోస్టర్ సంగతి వివరంగా చెబుతాను. అక్కాతమ్ముళ్ల శరీరాలు తారుమారయ్యే హాస్య నాటిక. నటించిన ఇద్దరూ నిజంగానే అక్కాతమ్ముళ్లు, ఫోటోలు ఈ పనికి వాడుకోమని ఇద్దరూ రాసి ఇచ్చారు. ఆ కాగితం లేకుండా నేను ఎవరి ముఖమూ ముట్టుకోను. మొదట పట్టుచీరలో ఉన్న అక్కకు తమ్ముడి ముఖం పెట్టాలి. చూసినవాళ్లు ఆమెను ఆడమనిషి అనే నమ్మాలి, అదే సమయంలో తమ్ముణ్ని గుర్తుపట్టాలి.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మొదటి ఫలితం చూసి అక్క, "ఇది మా తమ్ముడూ కాదు, నేనూ కాదు, మాకు తెలియని పిన్ని ఎవరో" అంది. ఆమె అన్నది నిజమే. చెంపలు తమ్ముడివి, వెడల్పుగా ఉన్నాయి. వాటి కింద అక్క దవడ ఉన్నట్టుండి సన్నబడింది. మగవాళ్లకు సాధారణంగా చెవి కింద దవడ మూల కొంచెం చదరంగా తిరుగుతుంది, గడ్డం ఎముక పొడవుగా, వెడల్పుగా ఉంటుంది. ఆడవాళ్లలో ఆ గీత వాలుగా గడ్డం వైపు దిగుతుంది. దవడను ఇంకా సన్నం చేస్తే ఇంకా ఆడతనం వస్తుందని అనిపిస్తుంది గానీ, ఇక్కడ కావలసింది దానికి తిరగబడ్డ పని. ఫోటోలు దిద్దే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో `Warp Transform` తీసుకుని, ముఖంలో సగం వెడల్పు ఉండే పెద్ద బ్రష్‌తో, బలం బాగా తగ్గించి, దవడ మూలలను ఇరువైపులా కొద్దిగా బయటికి, గడ్డాన్ని వెంట్రుకవాసి కిందికి లాగాను. చిన్న బ్రష్ పెడితే దవడ గీత అలలుగా వంకర పోతుంది. చెవి కమ్మ, చీర అంచు సాగాయా అని చూసుకుంటే చాలు, లాగడం ఎక్కువైతే ముందు అవే చెబుతాయి.

కనుబొమల దగ్గర ఈ మోడల్ ఎటూ తేల్చుకోదు. మగవాళ్ల కనుబొమ సాధారణంగా తిన్నగా, ఎముక గట్టు మీదే కూర్చుంటుంది. ఆడవాళ్లది ఆ గట్టుకు కొంచెం పైన ఉండి, బయటి వైపు మూడోవంతు దగ్గర విల్లులా లేస్తుంది. మా ఫోటోలో లోపలి కొస తమ్ముడిలా దట్టంగా, బయటి కొస అక్కలా సన్నగా వచ్చి, మధ్యలో రెండు కనుబొమలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు మసకగా ఉంది. నేను లోపలి సగాన్ని ముట్టుకోలేదు. తమ్ముడి పోలిక అక్కడే ఉంది. బయటి సగం కింది అంచును `Heal` తో శుభ్రం చేసి, ఆ కొసను కొంచెం పైకి లేపాను. తరువాత రెప్ప మీద పడిన గట్టు నీడను కొద్దిగా తేలిక చేశాను. ముఖాన్ని మగముఖంగా పట్టించేది చాలాసార్లు వెంట్రుకల కంటే ఆ నీడే.

మేకప్ విషయంలో రిచర్డ్ రస్సెల్ అనే పరిశోధకుడు 2009లో ప్రచురించిన పని నాకు బాగా ఉపయోగపడింది. కళ్లు, పెదవులకూ చుట్టూ ఉన్న చర్మానికీ మధ్య నలుపు తెలుపుల తేడా మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువగా ఉంటుందని, మేకప్ ఆ తేడానే పెంచుతుందని ఆయన చూపించారు. అందుకని లిప్‌స్టిక్ రంగు మీద రంగు వేయడం మానేశాను. పెదవులను, కంటి అంచులను ఒక మెట్టు ముదురు చేసి, చర్మాన్ని ఒక మెట్టు తేలిక చేస్తే చాలు. గడ్డం గీసుకున్న చోట మిగిలే నీలిబూడిద ఛాయకు, మేకప్‌వాళ్లు నారింజ రంగు వాడినట్టే, `LCh Color` మోడ్‌లో పెట్టిన పొర మీద పలుచగా నారింజ రంగు వేస్తాను. చర్మం మీది రంధ్రాలు చెరగవు, ఛాయ మాత్రం పోతుంది.

మన ఫోటోల్లో మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది: బొట్టు. అది సరిగ్గా కొత్త ముఖం, పాత నుదురు కలిసే చోట ఉంటుంది కాబట్టి సగం చెరిగి, చెమటకు కరిగిన కుంకుమలా తయారవుతుంది. ముక్కుపుడకైతే చాలాసార్లు ఉన్న ఆనవాలే ఉండదు. `FACE MASK PADDING` లో పైభాగం పెంచితే బొట్టు మిగులుతుంది గానీ, కనుబొమలు కూడా పాతవే మిగులుతాయి. రెండూ అసలు ఫోటో నుంచి కోసి చివర్లో పెట్టడమే మేలు. బొట్టు పెట్టాక కనుబొమ కదిపితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక రెండో ఫోటో, చొక్కా వేసుకున్న తమ్ముడికి అక్క ముఖం. ఇక్కడ పెద్ద దవడ మధ్యలో చిన్న కళ్లూ ముక్కూ ఇరుక్కున్నట్టు కనిపిస్తాయి. దవడ మూలలను కొద్దిగా లోపలికి తీసుకోవాలి, అంతకు మించి వద్దు. ఈ వైపు అసలు శత్రువు ముఖాన్ని మెరుగుపరిచే విభాగం. `FACE ENHANCER BLEND` మొదట్లో 80 దగ్గర ఉంటుంది. ఆ అంకె దగ్గర చర్మం గాజులా నునుపెక్కి, గీసిన గడ్డపు గరుకు మాయమై, మెడ మీది గరుకు మాత్రం మిగిలిపోతుంది. నేను 40 దగ్గర ఆపి, మెడ నుంచి చర్మపు గరుకు తెచ్చి గడ్డం మీద పరుస్తాను. మీసం ఉన్న ఫోటో మాత్రం అసలు తీసుకోవద్దు. పైపెదవి మీద మసి పూసినట్టు మరక పడుతుంది, దాన్ని తుడిచే కంటే మీసం తీసేసిన ఫోటో అడిగి తీసుకోవడం తేలిక.

ఫోటోలకు మామూలు కంప్యూటర్ చాలు, వీడియోకు మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఇంతకీ వీడియోలో ఈ చేతిపని ఫ్రేము ఫ్రేముకూ సాగదు కాబట్టి ఆడ, మగ మార్పిడికి నేను దీన్ని ఫోటోలకే వాడతాను. ఎదురుగా గానీ, కొద్దిగా పక్కకు తిరిగి గానీ ఉన్న ముఖాలకు ఇది డబ్బు పెట్టకుండా దొరికే మంచి పనిముట్టు. పూర్తిగా పక్కకు తిరిగిన ముఖంలో మగవాడి కనుబొమ గట్టు, నుదుటి వాలు నేరుగా గీతలో కనిపిస్తాయి. వాటిని ఈ మోడల్ అందుకోలేదు, నేనూ నమ్మదగ్గట్టు లాగలేను. అలాంటి పోస్టరు అడిగితే నిజంగా మేకప్ వేయించి ఫోటో తీయించుకు రమ్మంటాను.