హ్యాడ్ ఐ నోన్: ఇఫ్ పెట్టి చూడాలా, మొదటి మాట చూడాలా?

ఇంగ్లీషులో "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్" అనడానికి బదులు "హ్యాడ్ ఐ నోన్" అన్నట్టు, ఇఫ్ లేకుండా మొదలయ్యే షరతు వాక్యం సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇఫ్‌ను వెనక్కి తెచ్చి మాటల్ని మామూలు వరుసలో పెట్టడం. రెండోది, మొదటి మాటను మాత్రమే పరీక్షించడం.

శ్రమ: మొదటి దారికి వాక్యాన్ని మళ్లీ రాయాలి. రెండోదానికి ఒక్క చూపు చాలు. హ్యాడ్, వర్, షుడ్ ఈ మూడే మొదట్లోకి వస్తాయి (కుడ్ కూడా వస్తుంది కానీ చాలా అరుదు).

పట్టుకునేవి: "హ్యాడ్ ఐ న్యూ" అని రాశారనుకోండి. మొదటి మాట సరైనదే కాబట్టి రెండో దారికి ఇది దొరకదు. తిప్పి "ఇఫ్ ఐ హ్యాడ్ న్యూ" అంటే తప్పు వెంటనే చెవికి తగులుతుంది. "షుడ్ హీ నీడ్స్" కూడా అంతే, "ఇఫ్ హీ షుడ్ నీడ్స్" అనగానే ఆ చివరి ఎస్ బయటపడిపోతుంది.

రిస్క్: ఇఫ్ పద్ధతి కొన్ని తప్పుల్ని ఒప్పుగా చూపిస్తుంది. "వాజ్ ఐ రిచ్" తిప్పితే "ఇఫ్ ఐ వాజ్ రిచ్" అవుతుంది, మాటల్లో అది చెల్లిపోతుంది. కానీ ముందుకు తెస్తే వర్ మాత్రమే పనికొస్తుంది. "హ్యాడంట్ ఐ సీన్ ఇట్" ఇంకా మోసం: తిప్పితే శుభ్రంగా ఉంటుంది, అసలు రూపం మాత్రం "హ్యాడ్ ఐ నాట్ సీన్ ఇట్". అందుకే మొదటి మాటకు నాట్ అతుక్కుందేమో కూడా చూడాలి.

క్రియారూపం మీద అనుమానముంటే ఇఫ్ పెట్టండి. వాజ్, డిడ్, హ్యాడంట్‌లతో మొదలైతే మొదటి మాటే చూడండి, తిప్పే పని లేదు.