మార్కెట్ నిఘా ప్రోగ్రాం అప్పగింత నోట్: ఏడాదిన్నర వాడాక

మా మాదాపూర్ ఆఫీసులో నాకంటే సీనియర్ అయిన ఒక సహోద్యోగి 2024 ఆగస్టులో వేరే టీముకు మారుతూ, ఎన్ఎస్ఈ ధరలను నిమిషానికోసారి చూసి, పెట్టిన హద్దు దాటితే ట్రేడింగ్ డెస్కుకు మెసేజ్ పంపే ప్రోగ్రామును నాకు అప్పగించి, దానితో పాటు నాలుగు పేజీల నోట్ రాసి ఇచ్చారు. ఇన్‌స్టలేషన్, పాస్‌వర్డులు, ఎవరిని అడగాలి వంటివి ఏ నోట్‌లోనైనా ఉంటాయి. దీనిని నేను ఇంతకాలం దాచుకున్నది మూడో పేజీలోని ఒక్క పేరా కోసం.

ఆ పేరాలో ఆయన ఇలా రాశారు: "ధర మారలేదంటే మార్కెట్ కదలలేదని అనుకోకండి, ముందు టైము చూడండి." డేటా ఇచ్చే సర్వర్ ఆగిపోయినప్పుడు తప్పు చూపదు, అంతా సవ్యమేనని చెప్పే 200 అనే జవాబుతో పాత ధరనే మళ్లీ మళ్లీ పంపుతుంది. మన ప్రోగ్రాం దానిని హద్దుతో పోల్చి, దాటలేదని నిర్ధారించుకుని, పచ్చ గుర్తు పెట్టి ఊరుకుంటుంది. అందుకని ధరతో పాటు వచ్చే సమయాన్ని ఇప్పటి సమయంతో పోల్చి, తేడా 120 సెకన్లు మించితే ఫీడ్ ఆగినట్టు లెక్కించాలన్నారు. దానిని కూడా ఏదో ఒక షేరు మీద కాక నిఫ్టీ 50 సూచీ మీదే చూడమన్నారు, ఎందుకంటే లోయర్ సర్క్యూట్‌లో కొనేవారు లేని షేరుకు లావాదేవీలే జరగవు, దాని టైము నిలిచిపోవడం సహజం. ఈ సలహా వల్ల ఫీడ్ ఆగిన సంగతి డెస్కు వారికంటే ముందే నాకు మూడుసార్లు తెలిసింది. అప్పట్లో ఈ నోట్‌ను అందరికీ చూపించి పొగిడాను.

ఆ పొగడ్తను కొంత సవరించుకోవలసి వచ్చిన రోజు 2025 ఫిబ్రవరి 1. ఆనాడు శనివారమైనా, కేంద్ర బడ్జెట్ కారణంగా మార్కెట్ మామూలు వేళల్లోనే, అంటే 9:15 నుంచి 3:30 వరకు నడిచింది. నేను కూకట్‌పల్లిలో ఇంట్లో ఉన్నాను. పన్నెండు లక్షల ఆదాయం దాకా పన్ను ఉండదన్న ప్రకటనతో వినియోగ రంగ షేర్లు ఎగిసిన కాసేపటికి డెస్కు నుంచి ఫోన్ వచ్చింది: "లిమిట్ దాటి ఎంతసేపైందండీ, ఒక్క మెసేజ్ కూడా రాలేదేమిటి?"

లాగ్ తెరిస్తే చివరి వరుస శుక్రవారం నాటిది, `2025-01-31T10:59`. మన ప్రోగ్రాం నడిచే సర్వర్ గడియారం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంటుంది కనుక అది మన సాయంత్రం 4:29. అంటే ఆ ఉదయం నుంచి ప్రోగ్రాం ఒక్కసారి కూడా మొదలు కాలేదు. కారణం, ప్రోగ్రామును వేళకు దానంతటదే నడిపే క్రాన్ కోసం నోట్‌లో ఉన్న ఈ వరుసే:

```
* 3-10 * * 1-5 python3 watch.py
```

చివరి `1-5` సోమవారం నుంచి శుక్రవారం వరకు అని అర్థం. సరే, చేత్తో నడుపుదామని కమాండ్ ఇస్తే, ఏ తప్పూ చూపకుండా అదే క్షణంలో ముగిసిపోయింది. రెండోసారీ అంతే. ఫీడ్ చచ్చిందేమోనని అటు వెతుకుతూ ఇరవై నిమిషాలు పోగొట్టుకున్నాక కోడ్‌లో రెండో తాళం కనిపించింది:

```python
if now.weekday() >= 5:
    sys.exit(0)
```

పైథాన్‌లో సోమవారం సున్నా, శనివారం ఐదు. నోట్‌లో మొదటి తాళం గురించి ఉంది కానీ, ఈ రెండోదాని ప్రస్తావనే లేదు. పైగా సెలవుల ఫైలులో మార్కెట్ మూసే రోజులు మాత్రమే రాసి ఉన్నాయి. ప్రత్యేకంగా తెరిచే రోజుకు అందులో చోటే లేదు. నేనెంతో మెచ్చుకున్న ఆ టైము తనిఖీ కూడా ఇదే ప్రోగ్రాం లోపల ఉన్నందున, ప్రోగ్రాం లేవని రోజున అదీ లేవలేదు. డెస్కు వైపు నుంచి చూస్తే ఆ మౌనానికీ సెలవురోజు మౌనానికీ తేడా లేదు.

ఆ వారంలోనే క్రాన్‌ను ఏడు రోజులకూ మార్చి, కోడ్‌లోని వారం తనిఖీ తీసేసి, నిర్ణయాన్ని తేదీతో పాటు వేళలు కూడా ఉండే క్యాలెండర్ ఫైలుకు వదిలాను. వేళలు రాయడం అతి అనిపించింది కానీ, అదే ఏడాది దీపావళి ముహూరత్ ట్రేడింగ్ ఎప్పటిలా సాయంత్రం కాక అక్టోబర్ 21 మధ్యాహ్నం 1:45కు జరిగినప్పుడు అది అక్కరకు వచ్చింది. లాగ్ ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చూసే చిన్న స్క్రిప్టును వేరే మెషీన్ మీద పెట్టాను. ఆ మెషీన్ కూడా ఆగిపోతే ఏమిటన్న ప్రశ్నకు నా దగ్గర ఇంకా సమాధానం లేదు.

ఇలాంటి నోట్ మరొకరికి సరిపోతుందా అంటే గట్టిగా చెప్పలేను. నాకు క్రాన్ ముందే తెలుసు; రాసినాయన రెండంతస్తుల పైన కూర్చుంటారు, టీ వేళకు దొరుకుతారు. మనకు గడియారాలు ముందుకూ వెనక్కూ జరిపే పద్ధతి లేదు కాబట్టి యూటీసీకి ఐదున్నర గంటలు కలిపితే ఏడాదంతా లెక్క సరిపోతుంది. అమెరికా మార్కెట్‌ను చూసేవారు మాత్రం ఆ `3-10` లాంటి అంకెలను ఏటా రెండుసార్లు అనుమానించక తప్పదు. ఇప్పుడు ఈ పనిని నేను ఇంకొకరికి అప్పగించబోతున్నాను. నా సీనియర్ రాసిన మూడో పేజీని అక్షరం మార్చకుండా ఉంచి, దాని కింద ఆ రెండో తాళం కథ రాశాను.