నెల రోజుల క్యాప్షన్లకు ఒక షీటు: రెండేళ్లకు పైగా వాడిన తర్వాత నా సమీక్ష

చేతితో కుట్టిన నోటుపుస్తకాలను ఇన్‌స్టాగ్రామ్ ద్వారా అమ్ముతాను. వారానికి మూడు చొప్పున నెలకు పన్నెండు పోస్టులు పెడతాను. వాటి క్యాప్షన్లను రెండేళ్లకు పైగా గూగుల్ షీట్స్‌లో ఒకే కంటెంట్ క్యాలెండర్‌లో రాసుకుంటున్నాను. తేదీ, రకం, మొదటి వాక్యం, పూర్తి క్యాప్షన్, చదివినవారు చేయవలసిన పని, స్థితి అనే ఆరు నిలువు వరుసలు తప్ప అందులో మరేమీ లేవు. పన్నెండింటిలో ఆరు అవగాహన కోసం, మూడు కమ్యూనిటీ కోసం, మూడు ప్రచారం కోసం కేటాయిస్తాను.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడినది ఈ నిష్పత్తి కాదు, మూడు రకాలను ఒకదాని వెనుక ఒకటి పేర్చే క్రమం. ఒక నెల 18వ తేదీన మందమైన కాగితంతో కొత్త పుస్తకం అమ్మకానికి పెట్టవలసి ఉందనుకుందాం. నేను ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కవేస్తాను. 4వ తేదీన కమ్యూనిటీ పోస్టుగా "మీ నోటుపుస్తకంలో మిమ్మల్ని ఎక్కువగా విసిగించేది ఏమిటి?" అని అడుగుతాను. సిరా వెనుక పేజీకి దిగుతోందని ఎక్కువమంది అంటే, 9వ తేదీ అవగాహన పోస్టు దానికి సమాధానమవుతుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క మాత్రమేనని, సిరా దిగకుండా ఉండాలంటే, కాగితం సిరాను త్వరగా పీల్చుకోకుండా చేసే సైజింగ్ కూడా సరిగా ఉండాలని అందులో వివరిస్తాను. 13వ తేదీన, పేజీ మూలన ఒక గీత గీసి, ఆరనిచ్చి, వెనక్కి తిప్పి చూసే పరీక్షను చూపిస్తాను. 18వ తేదీకి వచ్చేసరికి కాగితం గురించి ప్రచార క్యాప్షన్‌లో మళ్లీ మొదటి నుంచి చెప్పనక్కరలేదు. కొలతలు, ధర, కొనే విధానం చెబితే చాలు.

ఇందుకోసం నెల మొదట్లో తొమ్మిది క్యాప్షన్లు మాత్రమే పూర్తిచేసి, కమ్యూనిటీ పోస్టుల తర్వాత వచ్చే మూడు అవగాహన గడులను ఖాళీగా వదిలేస్తాను. పన్నెండూ ముందే రాసేస్తే, పాఠకులను ప్రశ్న అడిగి కూడా వారి జవాబుతో సంబంధం లేని విషయం చెప్పవలసి వస్తుంది. కమ్యూనిటీ పోస్టు పెట్టిన రోజున వ్యాఖ్యలకు బదులివ్వడానికి సాయంత్రం ఖాళీ ఉండాలి కనుక, పార్సిళ్లు పంపే రోజున దానిని పెట్టను.

కాలం గడిచేకొద్దీ క్యాలెండర్‌లో ఒక లోపం బయటపడుతుంది. అవగాహన అని రాసుకున్న పోస్టులు నెమ్మదిగా ప్రచారంలోకి జారిపోతాయి. దానిని పట్టుకోవడానికి చివరి వాక్యాన్ని చేత్తో మూసి మిగిలినది చదువుతాను. పుస్తకం కొనని మనిషికి కూడా అది పనికివస్తే అవగాహన పోస్టే. "మా పుస్తకంలో అయితే" అన్న మాట లేకుండా నిలబడలేకపోతే, రకం గడిలో నిజాయితీగా ప్రచారం అని మార్చి, మళ్లీ లెక్క చూస్తాను:

```
=COUNTIF(B2:B13,"ప్రచారం")
```

ఈ సంఖ్య మూడు దాటితే, మారిన వాటిలో ఒకదాన్ని తిరగరాస్తాను. మొదటి వాక్యాల వరుసను పైనుంచి కిందికి ఒక్కసారిగా చదవడం కూడా నాకు అలవాటైంది. ఒకే కూర్చోవడంలో రాసినవన్నీ "మీకు తెలుసా" అని మొదలవుతున్నాయేమో అక్కడే కనబడుతుంది. ఫీడ్‌లో ఆ మొదటి మాటలు మాత్రమే కనిపించి మిగతా క్యాప్షన్ మడతలోకి పోతుంది కనుక ఈ వరుసకు నేను ఎక్కువ సమయం ఇస్తాను. తెలుగులో రాసేవారు ఇంకొకటి గమనించాలి: షీటులోని LEN ఫార్ములా గుణింతాలను, పొల్లును, సున్నాను విడివిడిగా లెక్కిస్తుంది కనుక, మన కంటికి మూడు అక్షరాలుగా కనిపించే "పుస్తకం" దానికి ఏడు. ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల పరిమితికి దగ్గరగా వెళ్లే పొడవైన అవగాహన క్యాప్షన్లను అందుకే ముందుగా ఫోన్‌లో అతికించి చూస్తాను.

నెలాఖరున మూడు రకాలనూ లైకులతో పోల్చడం మానేశాను. అవగాహన పోస్టుకు సేవ్‌లు, కమ్యూనిటీ పోస్టుకు ఒక వాక్యం దాటిన వ్యాఖ్యలు, ప్రచారానికి ధర అడిగిన సందేశాలు చూస్తాను. సేవ్‌లు బాగా వచ్చిన అంశాన్ని రెండు నెలల తర్వాత కొత్త ఉదాహరణతో మళ్లీ షీటులో చేరుస్తాను.

ఒక్కరో ఇద్దరో నడిపే ఖాతాకు ఈ షీటు సరిపోతుంది. క్యాప్షన్ రాసేవారు, ఫొటో తీసేవారు, ఆమోదించేవారు వేరువేరుగా ఉన్నచోట స్థితి అనే ఒక్క వరుస చాలదు. ఏ క్యాప్షన్ ఎవరి దగ్గర ఆగిందో తెలియడానికి బాధ్యుల పేరుకు, గడువుకు రెండు వరుసలు అదనంగా కావాలి.